‘ఆ చిన్న విషయం’ మెయిల్ ఎక్కాలి

డబ్బులు రావాల్సింది మనకి, మొహమాటపడేది కూడా మనమే, ఈ అరుదైన కళలో మన ఫ్రీలాన్సర్లని కొట్టేవాళ్లు లేరు. సాక్ష్యం కావాలంటే హైదరాబాద్‌లో ఏ డిజైనర్ ఫోన్ తెరిచినా క్లయింట్‌కి పెట్టిన ఈ వాట్సాప్ మెసేజ్ దొరుకుతుంది:

"అన్నా నమస్తే, బిజీనా? ఏం లేదన్నా, ఆ చిన్న విషయం గుర్తు చేద్దామని… మీ వీలు చూసుకునే చేయండి, తొందరేం లేదు 🙏"

ఈ మహత్తర రచనని కాస్త శ్రద్ధగా పరిశీలిద్దాం. ఎంత రావాలో లేదు, ఏ పనికో లేదు, ఏ తారీకుకి ఇవ్వాల్సిందో లేదు, స్పష్టంగా ఉన్న మాట ఒక్కటే, తొందరేం లేదు. అన్న పాపం ఆ ఒక్క మాటని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు, అయినా మనం అన్నని తిట్టుకుంటాం. పైగా అరవై వేలు చిన్న విషయం అని మనమే రాసిచ్చాక ఆయన మాత్రం పెద్దది ఎందుకు చేసుకుంటాడు?

అసలు సంగతేంటంటే డబ్బులేసేది అన్న కాదు, అకౌంట్స్‌లో కూర్చునే ఒకాయన. ఆయనకి మనం తమ్ముడో కాదో తెలీదు, ఇన్వాయిస్ నంబర్ ఒక్కటే తెలుసు. మనం పంపిన పీడీఎఫ్ ఏమో అన్న ఫోన్‌లో గుడ్ మార్నింగ్ తామరపువ్వుల మధ్య ఎక్కడో ఉంది. కాబట్టి మెయిల్ అన్నకి, సీసీలో అకౌంట్స్‌కి, అటాచ్‌మెంట్‌లో అదే ఇన్వాయిస్ మళ్లీ. "ఇంతకుముందే పంపా కదా" అన్న పౌరుషం ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు పై మెసేజ్‌కే కోటు తొడిగి చూద్దాం.

సబ్జెక్ట్: ఇన్వాయిస్ 2025-26/014, రూ. 60,000, గడువు 10 జులై 2025, చెల్లింపు పెండింగ్

"నమస్తే సర్, బ్రోచర్, ప్యాకింగ్ డిజైన్ పనికి 10 జూన్ 2025న పంపిన ఇన్వాయిస్ 2025-26/014 మొత్తం రూ. 60,000. ఒప్పుకున్న 30 రోజుల గడువు జులై 10తో అయిపోయింది, ఈ రోజు ఆగస్టు 1కి 22 రోజులు దాటింది. ఫైనల్ ఫైల్స్ మీరు జూన్ 9న ఓకే చేశారు. 10 శాతం టీడీఎస్ రూ. 6,000 పోను రూ. 54,000 ఇన్వాయిస్‌లో ఉన్న అకౌంట్‌కే ఆగస్టు 8 లోపు జమ చేసి యూటీఆర్ నంబర్ పంపగలరు. బిల్లులో ఏదైనా తేడా ఉంటే ఈలోపే చెప్పండి."

గమనించారా, ఎక్కడా కోపం లేదు. టీడీఎస్ లెక్క మనమే రాసేస్తే "ఎంత కట్ చేయాలో ఆడిటర్‌ని అడగాలి" అనే వారం రోజుల యాత్ర తప్పుతుంది (తర్వాత ఆ ఆరు వేలు మన పేరు మీద కట్టిన పన్ను చూపించే 26ఏఎస్‌లో పడ్డాయో లేదో చూసుకోవడం మన పని, చాలామంది అది వదిలేస్తారు). జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనోళ్లు గొప్పగా ఉంటుందని 18 శాతం వేయకూడదు, అది వేరే తలనొప్పి. మెయిల్‌లో కొత్త బ్యాంక్ అకౌంట్ అసలివ్వద్దు, మోసమేమోనని అకౌంట్స్ ఆయన ఫైల్ పక్కన పెట్టేస్తాడు, ఈసారి ఆయన చేసింది కరెక్టే.

జూన్ 9 ఓకే ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? ఆ రోజు అన్న పెట్టిన "సూపర్ తమ్ముడూ 🔥" నుంచే. నవ్వొద్దు, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో పని అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, ఇక్కడ అభ్యంతరం మాట దేవుడెరుగు, మంట కూడా పెట్టాడు. ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

అదే చట్టం ప్రకారం మనం ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిన చిన్న సంస్థ అయితే రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఇదంతా మొదటి మెయిల్‌లోనే కుమ్మరించే వీరులున్నారు, వాళ్లకి డబ్బులొస్తాయేమో గానీ రెండో పని రాదు. మొదటిసారికి సంతకం కింద ఉద్యమ్ నంబర్ ఒక్కటి పెడితే చాలు, గడువు దాటిన బిల్లు కట్టేదాకా పన్ను లెక్కలో ఖర్చు కింద చూపించుకోలేమని అకౌంట్స్ ఆయనకి తెలుసు, మార్చి దగ్గర పడేకొద్దీ ఇంకా బాగా గుర్తొస్తుంది. వడ్డీ మాట మూడో మెయిల్‌కి ఉంచుకోండి, ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు ఆ తర్వాత.

మెయిల్ వెళ్లాక వాట్సాప్‌లో ఒక్క లైన్ వేయండి: "అన్నా, 014 బిల్లు మీద మెయిల్ పెట్టా, అకౌంట్స్‌ని సీసీలో ఉంచా." అంతే, చేతులు జోడించే బొమ్మ అక్కర్లేదు.