మ్యాచ్ మధ్యలో తెగే కనెక్షన్‌కు ఎంటీయూ మందేనా?

(అనంతపురం సప్తగిరి సర్కిల్ సమీపంలోని ఒక గేమింగ్ సెంటర్‌లో, ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న మీద సెంటర్ యజమానికీ, ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు బిగించే టెక్నీషియన్‌కూ మధ్య జరిగిన వాదోపవాదం.)

విద్యార్థి: పీఎస్4లో మ్యాచ్ మధ్యలో కనెక్షన్ పోతోంది, పార్టీ చాట్ కలవడం లేదు. ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌లో పంపగల గరిష్ఠ బైట్ల సంఖ్య, 1473 పెట్టమంటున్నారు, పెట్టాలా అన్నా?

యజమాని: నిస్సందేహంగా పెట్టు తమ్ముడూ. Settings, Network, Set Up Internet Connection, Custom వరుసగా వెళ్లి, MTU Settings దగ్గర Manual ఎంచుకొని 1473 ఇవ్వు. మా సెంటర్‌లో ఒక కన్సోల్‌కు అలా చేసిన తరువాతే పార్టీ చాట్ కలిసింది.

టెక్నీషియన్: కలిసిందన్న మాటను నేను కాదనను అన్నా, కానీ ఆ అంకె వల్లే కలిసిందని మీరు ఎలా నిర్ధారించారు? సెట్టింగ్ సేవ్ చేయగానే కన్సోల్ రూటర్‌తో సంబంధం తెంచుకొని మళ్లీ కలుస్తుంది. ఆ కలయికే పని చేసి ఉండవచ్చు. ముందు కొలవండి, తరువాత మార్చండి. అదే రూటర్‌కు కేబుల్‌తో కలిపిన విండోస్ ల్యాప్‌టాప్‌లో ఇది టైప్ చేయండి.

```
ping 1.1.1.1 -f -l 1472
ping 1.1.1.1 -f -l 1464
```

-f అంటే ప్యాకెట్‌ను దారిలో ముక్కలు చేయవద్దని, -l తరువాతి అంకె అందులోని సమాచారం ఎన్ని బైట్లో. మొన్న నేను చూసిన ఇంట్లో 1472కు జవాబు రాలేదు, 1466కూ రాలేదు, 1464కు వచ్చింది. హెడర్ల 28 బైట్లు కలిపితే 1492. పీపీపీఓఈ లాగిన్‌తో నడిచే ఫైబర్ లైన్‌లో 1500 నుంచి 8 బైట్లు ఆ పద్ధతికే పోతాయి గనుక ఈ అంకె సరిపోయింది.

యజమాని: అలాగైతే 1473 ఆ 1492 కన్నా తక్కువే కదా! నా మాట తప్పెక్కడుంది?

టెక్నీషియన్: ఆ ఇంట్లో తప్పు లేదు. అయితే అక్కడ 1450 ఇచ్చినా, 1490 ఇచ్చినా అంతే పని చేసేది, 1473లో ప్రత్యేకమైన గుణమేమీ లేదు. దారిలో వీపీఎన్ లాంటి మరో పొర ఉండి హద్దు 1420కి దిగిన చోట మీ 1473 కూడా ఆగిపోతుంది. అంతకన్నా ముఖ్యం, జవాబు రాకపోవడం ఏ రూపంలో ఉందన్నది. "Packet needs to be fragmented but DF set" అని తెర మీద వస్తే, ఈ ప్యాకెట్ పెద్దదని మనకు కబురు అందినట్టే. ఆ కబురు అందుకొన్న కన్సోల్ సాధారణంగా తానే తగ్గించుకొంటుంది గనుక మనం చేయి పెట్టవలసిన అవసరం తక్కువ. చిన్న ప్యాకెట్లకు జవాబు వస్తూ, పెద్దవాటికి మాత్రం "Request timed out" వస్తే, ఆ కబురును దారిలో ఎవరో అడ్డుకొంటున్నారన్న అనుమానం కలగాలి. ఎంటీయూ మార్చి చూడవలసింది అప్పుడే. ఒకే సర్వర్‌ను నమ్మకుండా, పెద్ద పింగ్‌లకు జవాబివ్వనివి కూడా ఉంటాయి గనుక ఇంకో చిరునామాతో కూడా చూడాలి.

విద్యార్థి: మార్చితే డౌన్‌లోడ్ స్పీడ్ కూడా పెరుగుతుందా?

టెక్నీషియన్: సాధారణంగా పెరగదు. మరీ తగ్గిస్తే అదే సమాచారానికి ఎక్కువ ప్యాకెట్లు పంపాల్సి వస్తుంది. ఎక్స్‌బాక్స్ నెట్‌వర్క్ అయితే 1384 కన్నా తక్కువ ఎంటీయూను ఒప్పుకోదు కూడా. మీ ఇంట్లో చాట్ ఎవరితోనూ కలవడం లేదా?

విద్యార్థి: కర్నూలులో ఉన్న మా అన్నతో కలుస్తుంది, కడపలో ఉన్న స్నేహితుడితో కలవదు.

టెక్నీషియన్: అదే అసలు విషయం. కొందరితో కలిసి కొందరితో కలవకపోతే నేను ముందు న్యాట్‌ను, అంటే ఇంట్లోని పరికరాలన్నిటినీ ఒకే బయటి చిరునామాతో నడిపే రూటర్ పద్ధతిని, అనుమానిస్తాను. కన్సోల్‌లో Test Internet Connection చేసి NAT Type చూడు. Type 3 ఉంటే ఎంటీయూ ఎంత మార్చినా అది మారదు. రూటర్‌లో ఆటకు కావలసిన పోర్టులను తానే తెరిచే యూపీఎన్‌పీ ఆన్‌లో ఉందా, ఫైబర్ పెట్టె వెనుక నీ సొంత రూటర్ ఇంకొకటి కూర్చుందా అన్నవి చూడాలి.

యజమాని: సరే, చాట్ సంగతి ఒప్పుకొంటాను. మ్యాచ్ మధ్యలో తెగడం మాత్రం ఎంటీయూ వల్ల కాదని అంత గట్టిగా ఎలా అంటావు?

టెక్నీషియన్: ఆట నడుస్తున్నప్పుడు వెళ్లే ప్యాకెట్లు చాలావరకు చిన్నవి, ఏ హద్దునూ తాకవు. పెద్ద ప్యాకెట్లు ఎక్కువగా లాగిన్‌లోనూ డౌన్‌లోడ్‌లోనూ ఉంటాయి గనుక, ఎంటీయూ దోషమైతే ముందు అక్కడే ఆగుతుంది. ఇరవై నిమిషాలు చక్కగా ఆడి తెగే కనెక్షన్‌కు, కన్సోల్‌కు కేబుల్ కలిపి ఆడుతూ, పక్క ల్యాప్‌టాప్‌లో `ping -t` తో ఒక విండోలో రూటర్‌నూ, ఇంకో విండోలో 1.1.1.1నూ చూస్తూ ఉండండి. తెగిన క్షణంలో రూటర్‌కే జవాబు ఆగితే దోషం ఇంట్లోనే ఉంది. రూటర్ జవాబిస్తూ బయటి పింగ్ మాత్రమే ఆగితే లైన్‌దే.

యజమాని: కానీ నా సెంటర్‌లో ఒక కన్సోల్ మార్చిన రోజు నుంచి తెగలేదు తమ్ముడూ. ఆ మాటకు నీ లెక్కలో జవాబు లేదు.

టెక్నీషియన్: దాన్ని తిరిగి Automatic చేసి, వేరే ఏదీ కదిలించకుండా ఆడించి చూద్దాం అన్నా. మళ్లీ తెగితే మీ వాదమే నిలుస్తుంది, అప్పుడు రూటర్‌లో బయటి లైన్ వివరాలుండే వాన్ పేజీలో ఎంటీయూ ఎంత ఉందో ఇద్దరం కలిసి వెతుకుదాం.