ఐదున్నర నెలల సగటులో లేనివాళ్లు

అడ్మిషన్ల సీజన్ వస్తే హనుమకొండ చౌరస్తాల్లో కాలేజీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. 'మా విద్యార్థులకు సగటున ఇన్ని నెలల్లో ఉద్యోగం' అని ఎవరైనా అంటే నేను అడిగేది ఒక్కటే: ఇంకా ఉద్యోగం రానివాళ్లను ఆ సగటులో ఎలా కలిపారు?

పదిమంది డిగ్రీ పూర్తిచేశారనుకుందాం. ఫలితాల రోజు నుంచి ఏడాదిపాటు ఫోన్ చేసి కనుక్కున్నాం. నలుగురికి 2, 4, 6, 10 నెలలకు ఉద్యోగాలొచ్చాయి. మూడో నెల తర్వాత ఒకరి ఫోన్, ఐదో నెల తర్వాత ఇంకొకరి ఫోన్ కలవలేదు. మిగతా నలుగురు ఏడాది నిండినా వెతుకుతూనే ఉన్నారు. ఉద్యోగం వచ్చిన నలుగురి సగటు ఐదున్నర నెలలు. ఫ్లెక్సీ మీదికి ఎక్కేది ఈ అంకే.

మిగతా ఆరుగురి గురించి మనకు సగం సంగతే తెలుసు: ఫలానా నెల దాకా ఉద్యోగం రాలేదు, ఆ తర్వాత తెలియదు. దీన్నే సెన్సారింగ్ అంటారు (సినిమా సెన్సార్‌తో దీనికి సంబంధం లేదు). ఆ సగం సంగతిని కూడా పారేయకుండా వాడుకునే పద్ధతిని కాప్లాన్, మేయర్ 1958లో ప్రచురించారు.

లెక్క తేలికే. ఉద్యోగం వచ్చిన ప్రతిసారీ, అప్పటికి ఇంకా వెతుకుతూ మన లెక్కలో ఉన్నవాళ్లు ఎందరో చూడాలి. రెండో నెలలో పదిమందిలో ఒకరికి వచ్చింది, 9/10 మిగిలారు. మూడో నెల తర్వాత ఒకరు తప్పిపోయారు కాబట్టి నాలుగో నెలకు ఉన్నది ఎనిమిదిమందే, మిగిలింది 7/8. అలాగే ఆరో నెలలో 5/6, పదో నెలలో 4/5. ఈ నాలుగింటినీ గుణిస్తే 0.525. అంటే ఏడాది తర్వాత కూడా సగానికి పైగా, 52.5 శాతం మంది, ఉద్యోగం లేకుండానే ఉన్నారని అంచనా. 'సగం మందికి ఎన్ని నెలల్లో వచ్చింది' అంటే, ఆ రోజు ఇంకా రాలేదన్నదే నిజాయితీ గల జవాబు.

ఈ లెక్కకూ ఒక షరతు ఉంది. ఫోన్ కలవనివాళ్ల పరిస్థితి, అప్పటికి వెతుకుతున్న మిగతావాళ్ల లాంటిదే అయ్యుండాలి. మన దగ్గర నమ్మలేనిది సరిగ్గా ఇదే. ఉద్యోగమొచ్చి హైదరాబాద్ వెళ్లి సిమ్ మార్చినవాడూ ఉంటాడు, 'ఏం చేస్తున్నావు బిడ్డా' అన్న ప్రశ్నకు టెన్షన్ పడి ఫోన్ ఎత్తనివాడూ ఉంటాడు. అందుకే రెండు చివరలూ చూడాలి. తప్పిపోయిన ఇద్దరికీ ఏడాదిలోపే ఉద్యోగం వచ్చిందనుకుంటే ఖాళీగా ఉన్నది 40 శాతం. ఇద్దరికీ రాలేదనుకుంటే 60. ఇద్దరు ఫోన్ ఎత్తకపోతేనే ఇంత తేడా. కాబట్టి సగటు చెప్పేవాళ్లు ఎందరు ఫోన్ ఎత్తలేదో కూడా పక్కనే చెప్పాలి.

పీజీలో చేరినవాళ్లది ఇంకో చిక్కు. వాళ్లు తప్పిపోలేదు, వెతకడమే మానేశారు. వాళ్లనూ సెన్సార్ ఖాతాలో వేస్తే, పీజీలో చేరకపోయి ఉంటే మిగతావాళ్లలాగే ఉద్యోగాలు తెచ్చుకునేవారని ఊహించినట్టే. అప్పుడు ఉద్యోగాల వాటా నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. వాళ్లను వేరే వరుసలో చూపించాలి.