చిన్నోడి బర్త్‌డే: పంచాంగం నుంచి ప్లేట్ల దాకా

పిల్లాడికి ఐదేళ్లు నిండుతున్నాయంటే ముందుగా చేయాల్సిన పని, పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టి పంచాంగం తీయడం. పుట్టినరోజు మాఘంలోనో శ్రావణంలోనో పడిందా, అయిపోయారు. ఆ రోజుల్లో హాళ్లన్నీ పెళ్లివాళ్లవే కాబట్టి రెండు నెలల ముందే అడ్వాన్స్ కట్టాలి. అదే ఆషాఢంలో అయితే పదిహేను రోజుల ముందు వెళ్లినా కుర్చీ వేసి కూర్చోబెడతారు, బేరం కూడా ఆడనిస్తారు. పిల్లల్ని కనేముందు ఈ సంగతి పెద్దలెవరూ చెప్పకపోవడం అన్యాయం.

హాలువాళ్లను ఏసీ గురించి తర్వాత అడగొచ్చు. బెలూన్లవాళ్లకు తలుపు ఎన్నింటికి తీస్తారో మాత్రం రసీదు మీద రాయించుకోండి. మధ్యాహ్నం అక్కడ ఇంకో ఫంక్షన్ ఉంటే వాళ్లు నాలుగింటికి కూడా పెరుగన్నం దగ్గరే ఉంటారు, బెలూన్ల ఆర్చి కట్టడానికేమో రెండు గంటలు కావాలి.

మూడు వారాల ముందు వాట్సాప్‌లో కార్డు పంపుతారు. అసలు టెన్షన్ ఇక్కడ మొదలవుతుంది. నలభై కుటుంబాలకు పంపారనుకోండి, సగం మంది బొటనవేలు చూపిస్తారు, మిగతావాళ్లు 'అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే' అంటారు, వస్తారో రారో ఒక్కరూ చెప్పరు. క్యాటరింగ్ ఆయనకు రెండు మూడు రోజుల ముందు ప్లేట్ల లెక్క చెప్పాలి, చెప్పిన లెక్కకు డబ్బు కట్టాల్సిందే, తినేవాళ్లు వచ్చినా రాకపోయినా. అందుకని ఫంక్షన్‌కు నాలుగు రోజుల ముందే ఫోన్లు చేయండి. 'వస్తున్నారా?' అంటే అందరూ 'తప్పకుండా' అనేస్తారు. 'ఎంతమంది వస్తున్నారండీ, పిల్లలకు కారం లేకుండా చేయించాలి' అని అడగండి, అప్పుడు నోట నిజమొస్తుంది. ఇంటికి ముగ్గురి చొప్పున నూట ఇరవై, మూడింట రెండొంతులు వస్తారనుకుంటే ఎనభై. మీరు డెబ్బై ఐదుకు ఒప్పుకుని, ఎక్కువైతే ప్లేటుకింత అని రేటు ముందే మాట్లాడుకోండి. 'చూద్దామండీ' అన్నవాళ్లు రారు. 'వీలైతే వస్తాం' అన్నవాళ్లు అత్తగారితో సహా వస్తారు.

కార్డులో ఆరున్నర అని వేస్తారు కదా, ఆరున్నరకు వచ్చేది స్కూలు పిల్లలు మాత్రమే, వాళ్ల అమ్మానాన్నలు దింపేసి వెళ్లిపోతారు. పెద్దలు ఎనిమిదికి. కాబట్టి ఆటలు ముందు, కేకు తర్వాత. ఐదేళ్లవాళ్లకు మ్యూజికల్ చైర్స్ వద్దు, అవుటైన ప్రతివాడూ ఏడుస్తాడు. పార్సిల్ ఆట పెట్టండి, ఒక్కో కాగితం పొరలో ఒక్కో చాక్లెట్, పాట మాత్రం మీరే ఆపండి. యాంకర్‌కు వదిలేస్తే అతను పిల్లల్ని వదిలేసి అంకుల్స్‌తో డాన్స్ చేయిస్తాడు.

ఎనిమిదింటికి అందరూ ఉంటారు, ఒక్క బాబాయ్ తప్ప. ఫోన్ చేస్తే 'బయల్దేరాం' అంటాడు. బయల్దేరాం అంటే బాబాయ్ స్నానానికి లేచాడని లెక్క, కేకు కోసేయండి.