నంబరు లేని ఫ్లాటు, అడ్డులేని ప్రచారం

ఫోను తెరిస్తే అదే పోస్టు. హైదరాబాద్ శివార్లలో కొల్లూరు, తెల్లాపూర్, పటాన్‌చెరు వైపు ఆకాశాన్నంటే టవర్ల బొమ్మలు, ఈత కొలను, క్లబ్ హౌస్. కింద ‘ప్రీ లాంచ్, ఈ నెలాఖరు వరకే, ఎన్నారైలకు ప్రత్యేక స్లాట్లు’ అని రాసి ఉంటుంది. ప్రీ లాంచ్ అంటే అనుమతులు రాకముందే అమ్మడం. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు కోసం వెతికితే మాత్రం కనిపించదు. అడిగితే ‘అప్లై చేశాం, త్వరలో వస్తుంది’ అంటారు. త్వరలో వస్తుందంటే ఇంకా రాలేదనే అర్థం. నంబరు రాని ప్రాజెక్టును అమ్మకానికి పెట్టడం నేరం.

2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ఇందులో అనుమానానికి చోటివ్వలేదు. ఐదు వందల చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. ఏ మాధ్యమంలో, ఏ రూపంలో చేసిన ప్రచారమైనా ప్రకటనే అని అదే చట్టం చెబుతోంది. వాట్సాప్ సందేశమైనా, రీల్ అయినా, డల్లాస్‌లో హోటల్ హాలు తీసుకుని పెట్టే మీటింగ్‌కు పంపే ఆహ్వానమైనా అందులోకే వస్తాయి. పేపర్లో యాడ్ ఇచ్చేటప్పుడు రెరా నంబరు జాగ్రత్తగా వేయించే సంస్థలు ఫోను తెరమీద దాన్ని ఎలా మరిచిపోతున్నాయి? చట్టం వాళ్లకు తెలియక కాదు, అక్కడ అడిగేవాడు లేడు కనుక.

డబ్బు ఎలా చేతులు మారుతుందో చూద్దాం. పదిహేను వందల చదరపు అడుగుల ఫ్లాటు, అడుగు ఆరున్నర వేలు పలికే చోట నాలుగు వేలకే ఇస్తామంటారు. అరవై లక్షలు, అదీ ఒకేసారి కట్టాలి. అనుమతులు లేని ప్రాజెక్టుకు బ్యాంకు గృహరుణం ఇవ్వదు కాబట్టి చిట్టీలు ఎత్తి, నగలు తాకట్టు పెట్టి తేవాలి. మొదటిసారి ఇల్లు కొంటున్నవాళ్లకు బ్యాంకు లోన్ రాకపోవడమే మొదటి హెచ్చరిక. రిజిస్టర్ అయిన ప్రాజెక్టులోనైతే విక్రయ ఒప్పందం రిజిస్టర్ చేయకముందు పది శాతానికి మించి, అంటే ఆరు లక్షలకు మించి, తీసుకోవడానికి బిల్డరుకు హక్కు లేదు. వసూలైన దానిలో డెబ్బై శాతం విడిగా ఖాతాలో పెట్టి, ఆ నిర్మాణానికీ ఆ స్థలానికే వాడాలి. ప్రీ లాంచ్‌లో ఆ ఖాతా ఉండదు. మన అరవై లక్షలు ఇంకెక్కడో భూమి కొనడానికి వెళ్లినా మనకు తెలియదు.

బదులుగా చేతికి వచ్చేది చాలాచోట్ల యూడీఎస్, అంటే విభజించని భూమిలో నలభై యాభై గజాల వాటా. ఫ్లాటు మాట స్టాంపు కాగితం మీద రాసుకున్న ఎంవోయూ అనే అవగాహన పత్రంలోనే ఉంటుంది. హైరైజ్‌కు అగ్నిమాపక శాఖ, విమానాశ్రయ ప్రాధికార సంస్థ, పర్యావరణ శాఖ అనుమతులు ఇంకా రావాలి. స్థలం చెరువు చుట్టూ కట్టడాలు కూడని బఫర్‌లో ఉందని తేలితే అంతే సంగతులు. అప్పుడు వందల మంది ఉమ్మడి యజమానులు మిగులుతారు. ఒక్కరు సంతకం పెట్టకపోయినా ఆ భూమి కదలదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో ముప్పు ఉంది. ఆ పోస్టుల్లో అది ఎక్కడా కనిపించదు. విదేశీ మారకపు చట్టం ఫెమా నిబంధనల ప్రకారం ఎన్నారైలు ఇల్లు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి కొనకూడదు. ఇంకా వ్యవసాయేతర భూమిగా మార్పిడి జరగని పొలంలో యూడీఎస్ వాటా రాయించుకున్న న్యూజెర్సీ కుర్రాడు మోసపోవడమే కాదు, తానే నిబంధన తప్పినవాడవుతాడు. తన తరఫున సంతకం చేసే అధికారం, అంటే జీపీఏ, ఇచ్చి ఊళ్లో ఉన్న నాన్నగారిచేత సంతకం పెట్టించినా అంతే.

భూమి కొనడానికి బ్యాంకులు అప్పివ్వవు, పెట్టుబడి ఎక్కడ తేవాలని బిల్డర్లు అడుగుతున్నారు. వాళ్ల ఇబ్బంది నిజమే కావచ్చు. దానికి కొనుగోలుదారు వడ్డీలేని అప్పు పెట్టే షావుకారు కానక్కర్లేదు.

అమీన్‌పూర్‌లో సాహితీ సంస్థ ప్రీ లాంచ్ వ్యవహారంలో ఏం జరిగిందో అందరూ చూశారు. డబ్బు కట్టినవారు రోడ్డెక్కారు, 2022 డిసెంబరులో అధినేత అరెస్టయ్యాడు, తర్వాత ఈడీ కూడా వచ్చింది. అంత జరిగినా పోస్టులు ఆగలేదు. నిర్మాణ వ్యయంలో పది శాతం దాకా జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. పాటించకుండా కొనసాగిస్తే మూడేళ్ల దాకా జైలు కూడా. నామమాత్రపు జరిమానా వేసి వదిలేస్తే అది ఖర్చుల పద్దులో మరో లైను అవుతుంది, పక్క బిల్డరుకు అనుమతి పత్రం అవుతుంది. ఒక్కరిని వదిలిన ప్రతిసారీ జరుగుతున్నది ఇదే.

కమీషన్ తీసుకుని రీల్స్ చేసేవారికీ ఒక మాట. కొనేవారిని పరిచయం చేసి డబ్బు తీసుకుంటే మీరూ ఏజెంటే. మీకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు లేని ప్రాజెక్టును అమ్మిపెడితే మీరూ బాధ్యులే.

తెలంగాణ రెరా ఫిర్యాదు వచ్చేదాకా ఎందుకు కూర్చోవాలి? పోస్టులో ఫోను నంబరు ఉంది, ఆఫీసు చిరునామా ఉంది, టవర్ల బొమ్మ ఉంది. rera.telangana.gov.inలో ఆ ప్రాజెక్టు పేరు లేదని ఎవరైనా ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. అధికారులు ఈ పూటే ఫోను తెరిచి చూసి, సాయంత్రానికి నోటీసు పంపాలి.