శుక్రుడు ఉచ్ఛలో, పెళ్లి వాయిదాలో

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పెద్దమ్మ మనవడికి ముప్పై మూడేళ్లు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాడు. పెళ్లి విషయంలో వాడి జాతకాన్ని మించింది జిల్లాలో ఉండదని నా అభిప్రాయం. కన్యా లగ్నం. సప్తమ స్థానమైన మీనంలో కళత్రకారకుడు శుక్రుడు ఉచ్ఛలో ఉన్నాడు. సప్తమాధిపతి గురుడు కర్కాటకంలో తానూ ఉచ్ఛలో ఉండి, తొమ్మిదో దృష్టితో తన మీనాన్నే చూస్తున్నాడు. ఇల్లు, యజమాని, కారకుడు ముగ్గురూ బాగున్నారు. పిల్లే దొరకడం లేదు.

విజయవాడ నుంచి వచ్చిన మొదటి సంబంధం వాళ్లు, "కారకో భావనాశాయ అన్నారు కదండీ, శుక్రుడు ఏడింట ఉంటే ఏడో ఇంటినే పాడు చేస్తాడు" అన్నారు. రెండో వాళ్లు గురుడిని పట్టుకున్నారు. కన్యా లగ్నానికి నాలుగు, ఏడు రెండూ ఆయనవే కాబట్టి కేంద్రాధిపత్య దోషమట. శుభగ్రహం కేంద్రాలకు అధిపతి కావడం కూడా తప్పేనని ఆ రోజే తెలిసింది.

మూడో వాళ్ల సిద్ధాంతిగారు మాత్రం నిజంగా పనిమంతుడు. శుక్రుడు మీనంలో ఎన్ని డిగ్రీల్లో ఉన్నాడని అడిగారు. ఎనిమిది. రాశిని తొమ్మిది ముక్కలు చేస్తే ఒక్కో ముక్క మూడు డిగ్రీల ఇరవై నిమిషాలు. మీనంలో ఆ లెక్క కర్కాటకం నుంచి మొదలవుతుంది. ఎనిమిదో డిగ్రీ మూడో ముక్కలో, అంటే కన్యా నవాంశలో పడుతుంది. కన్య శుక్రుడికి నీచ. "రాశిలో రాజు, నవాంశలో బంటు" అని నిట్టూర్చారు. వివాహానికి నవాంశే ముఖ్యమని పెద్దలు చెప్పిన మాట కాబట్టి నోరెత్తలేదు.

ఒక్క చిన్న సంగతి. ముగ్గురూ ముందు జీతం అడిగారు, తర్వాత అబ్బాయి హైదరాబాద్ మారతాడా అని అడిగారు, ఆ తర్వాతే జాతకం అడిగారు. మొదటి రెండిటికి సరైన జవాబు వచ్చి ఉంటే శుక్రుడు ఎనిమిదో డిగ్రీలో ఉన్నాడా, ఇరవై ఏడులో ఉన్నాడా అని చూసేవారా? నాకు అనుమానమే. అయినా వాళ్లను తప్పుపట్టను. "మిర్చి లెక్కలు రాసేవాడికి పిల్లనివ్వం" అని కాఫీ తాగుతూ ముఖం మీద ఎలా అంటారు? "జాతకం కుదరలేదండీ" అంటే ఎవరి పరువూ పోదు. నింద శుక్రుడి మీదకు పోతుంది, ఆయన ఎలాగూ ఎదురు చెప్పడు.

ఇంతలో పెద్దమ్మ ఊరుకోలేదు. లగ్నం రెండు గంటలకోసారి మారుతుందని ఎవరో చెప్పారట. వీడు పుట్టింది కన్య చివర్లో. "ఆసుపత్రి గడియారం పావుగంట వెనక ఉండేదిరా, ఇప్పుడు గుర్తొచ్చింది" అని ఫోన్ చేసింది. పుట్టిన టైం పావుగంట ముందుకు జరిపితే తులా లగ్నం వచ్చింది, కారక దోషం పోయింది. శుక్రుడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు, కానీ తుల నుంచి లెక్కిస్తే అది ఆరో ఇల్లు. ఆరంటే రుణం, రోగం, శత్రువు.

ఇప్పుడు ఆవిడ ఇంకో గడియారాన్ని గుర్తు తెచ్చుకుంటోంది.