పుర్రె బొమ్మ చూసి కంగారు పడబాకండి

"మా మనవడు నా మెసేజీ కింద పుర్రె బొమ్మ పెట్టాడు. అపశకునం కాదా అది?"

కాదండీ, పడీపడీ నవ్వాడని అర్థం. మాది కావలి. పోయిన నెల ఒంగోల్లో ఉండే మా పెదనాన్న, పెళ్లికి కట్టుకున్న తెల్ల పంచె మీద గేదె తోకతో బురద కొట్టిన ఫోటో ఇంటి గ్రూపులో పెట్టాడు. మా అన్న కూతురు కింద 💀💀💀 అని కొట్టింది. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోను: "ఏందిరా అబ్బయా, ఆ పిల్ల నన్ను చావమంటందా?"

చచ్చింది మీరు కాదు పెదనాన్నా, ఆ పిల్లే, అని చెప్పా. మనం "నవ్వలేక చచ్చాననుకో" అనమా? ఇంగ్లీషు కుర్రకారు కూడా నవ్వాగకపోతే "ఐయామ్ డెడ్" అంటారు. ఆ మాటకే పుర్రె బొమ్మ. ఫోన్లలో ఎప్పట్నించో ఉన్న బొమ్మే గానీ, కన్నీళ్లతో నవ్వే 😂 పెద్దోళ్ల బొమ్మయిపోయిందని పిల్లలు దీన్ని పట్టుకున్నారు. (నేనింకా 😂 నే వాడతా, నవ్వితే నవ్వనీ.)

పోల్చుకోవాలంటే పైనున్న మెసేజీ చూడండి. అక్కడ నవ్వొచ్చే సంగతో, ఎవరో పరువు పోగొట్టుకున్న సంగతో ఉంటే అది నవ్వే. ఎముకలు అడ్డంగా ఉన్న ☠️ వేరు, అసలు విషం డబ్బాల మీది గుర్తది, కానీ తొందరలో దాన్నీ నవ్వుకే నొక్కేస్తుంటారు. ఒక్కటి మాత్రం మనవడికి చెప్పండి: ఎవరైనా పోయారని, ఆస్పత్రిలో ఉన్నారని పెట్టిన కబురు కింద నొక్కితే ఎగతాళి చేసినట్టే చూస్తారు.

మా పెదనాన్న ఇప్పుడు గుడ్ మార్నింగ్‌కి కూడా పుర్రె పెడతన్నాడు.