‘ప్రతి చీరకూ కొత్త కథ రాయండి’ అనే సలహాకు జవాబు

“ఆన్‌లైన్‌లో చీరలు అమ్మేవాళ్లు అన్నిటికీ ఒకే మూసలో వివరణ పెట్టకండి. గూగుల్ కాపీ అనుకుని షాపును కిందికి తోసేస్తుంది. చదివేవాళ్లకీ బోరు. ప్రతి చీరకూ కొత్త కథ రాయండి, రంగుకి వెరైటీ పేరు పెట్టండి. కౌంటు, కొలతలు ఎవరూ చదవరు, ఫోటో చూసి కొంటారు.”

మంగళగిరి కాటన్ చీరల్ని ముందు పెట్టుకుని మాట్లాడతాను. ఒకదానితో ఒకటి పోలిన సరుకంటే అదే. ఒళ్లంతా సాదా, రెండు పక్కలా జరీ అంచు, పల్లూలో జరీ చారలు. మగ్గానికి ఒక వార్పు, అంటే పొడుగునా సాగే పడుగు దారాలు, ఎక్కిందంటే దాని మీద వరసగా చాలా చీరలు దిగుతాయి. వాటికి పడుగు రంగు, అంచు ఒకటే. అడ్డంగా నేసే పేక రంగు మారుతుంది, పల్లూ చారలు కాస్త అటూ ఇటూ అవుతాయి. ఇలా అన్నదమ్ముల్లా వచ్చే చీరల్ని ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు ఏం రాయాలన్నదే ఇక్కడ ప్రశ్న.

ముందు గూగుల్ భయం తీర్చుకుందాం. ఒకే సైట్‌లో పేజీలు ఒకేలా ఉన్నందుకు గూగుల్ శిక్ష వేయదు. మోసం చేసే ఉద్దేశంతో కాపీలు నింపితే తప్ప దానిమీద చర్య ఉండదని వాళ్లే ఎప్పటినుంచో చెబుతున్నారు. జరిగేది వేరు. దాదాపు ఒకేలా ఉన్న పేజీలు కనబడితే వాటిలో ఒకదాన్ని ఎంచుకుని చూపిస్తుంది, మిగతావి వెనక్కి పోతాయి. నలభై చీరలకీ “మంగళగిరి కాటన్ చీర” అని ఒకే పేరు పెడితే ఈ ఇబ్బంది రావచ్చు. దానికి మందు కథలు కాదు, పేరులోనే తేడా చెప్పడం. “మంగళగిరి కాటన్ చీర, నెమలికంఠం రంగు, నిజాం అంచు” అని రాస్తే ఆ పేజీ మరో పేజీలా ఉండదు. అదే చీర ఆరు రంగుల్లో మళ్లీ మళ్లీ వచ్చే సరుకైతే ఆరు పేజీలు అక్కర్లేదు, ఒకే పేజీలో రంగు ఎంచుకునే వీలు పెట్టండి. గూగుల్‌లో సరుకు చూపించడానికి వాడే Merchant Center సంగతే చూడండి. అది రంగును color అనే గడిలో, బట్టను material అనే గడిలో విడివిడిగా అడుగుతుంది. రంగులు మాత్రమే మారే సరుకును item_group_id అనే గడితో ఒక గుంపుగా కట్టమంటుంది. మూస వద్దంటుందని మనం భయపడుతున్న గూగులే మన చేత మూస నింపిస్తోంది.

బోరు మాటకొస్తే, చీర కొనే మనిషి వివరణను మొదటినుంచి చివరిదాకా చదవదు. ఐదారు చీరలు తెరిచి పెట్టుకుని ఒకదానితో ఒకటి పోల్చి చూస్తుంది. ఒకదాంట్లో జాకెట్టు సంగతి మొదటి వరుసలో, ఇంకోదాంట్లో కథ మధ్యలో ఎక్కడో, మూడోదాంట్లో అసలు లేకపోతే ఆవిడ ఫోన్ పక్కన పెట్టేస్తుంది, లేదా “బ్లౌజ్ ఉందా అండీ?” అని మెసేజ్ పెడుతుంది. ఆ మెసేజ్ రోజూ వస్తోందంటే వివరణలో లోపం ఉన్నట్టే లెక్క. కథ రాయాలనిపిస్తే రాయండి, దానికి మూసలోనే ఒక వరుస ఖాళీ వదలండి. నేను వాడే వరుసలు ఇవి:

పేరు: మంగళగిరి కాటన్ చీర, నెమలికంఠం రంగు, నిజాం అంచు
నూలు: పడుగు, పేక రెండూ 80 కౌంట్, చేనేత
రంగు: పడుగు నీలం, పేక ఆకుపచ్చ, దూరానికి నెమలికంఠం
అంచు: రెండు పక్కలా 2 అంగుళాలు, టెస్టెడ్ జరీ
పల్లూ: జరీ చారలు
పొడవు: చీర 5.5 మీటర్లు, జాకెట్టు 0.8 మీటరు, కత్తిరించలేదు
ఫాల్, పీకో: చేయలేదు
ఈ చీర సంగతి: పల్లూ దగ్గర మూడో చార మిగతా వాటికన్నా సన్నం. అంచు పొడుగునా చిన్న చిల్లులుంటాయి, నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా పట్టి ఉంచే కర్ర ముళ్ల గుర్తులవి.
ఉతకడం: మొదటిసారి విడిగా, చల్లటి నీళ్లలో
కోడ్: MGC-80-014

“ఈ చీర సంగతి” తప్ప మిగతా వరుసలన్నీ ప్రతి చీరకూ ఇదే క్రమంలో వస్తాయి. ఆ ఒక్క వరుసలో మాత్రం ఆ చీరను చేతిలో పట్టుకుని చూసినవాళ్లే రాయగలిగింది రాయాలి. “అమ్మ జ్ఞాపకాల పరిమళం” లాంటివి అక్కడ రాస్తే అవి ఏ చీరకైనా అతుకుతాయి కాబట్టి ఏ చీర గురించీ చెప్పవు.

కౌంటు, కొలతలు ఎవరూ చదవరన్న మాట సగం నిజమే. కొనేటప్పుడు చదవనివాళ్లు చాలామంది ఉంటారు. చీర ఇంటికొచ్చి, అనుకున్నట్టు లేదనిపించిన రోజున మాత్రం అందరూ చదువుతారు. అప్పుడు ఆ వివరణే ఒప్పందం అవుతుంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ప్రకటించిన లక్షణాలు సరుకులో లేకపోతే అమ్మినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు. మార్కెట్‌ప్లేస్‌లో అమ్మినా, సొంత సరుకును సొంత సైట్‌లో అమ్మినా ఇదే మాట. కాబట్టి ఒక చీరకు “ప్యూర్ జరీ” అని, దాని పక్కదానికి “గోల్డ్ జరీ” అని నోటికొచ్చినట్టు రాయడం వెరైటీ కాదు, ప్రమాదం. అసలు జరీ అంటే వెండి తీగకు బంగారు పూత. టెస్టెడ్ జరీలో లోపల రాగి తీగ, పైన వెండి పూత. ప్లాస్టిక్ జరీ అయితే మెరిసే పాలిస్టర్ పొర. ఈ మూడు పేర్లలో ఒకటి తప్ప ఇంకేమీ ఆ గడిలో పడకూడదు.

పొడవు దగ్గర ఇంకో చిక్కుంది. “6.3 మీటర్లు” అని మాత్రమే రాస్తే అందులో జాకెట్టు కలిసి ఉందో లేదో తెలియదు. రెంటినీ విడిగా రాస్తే గొడవే లేదు. జాకెట్టు లేని చీరకు ఆ మాట తీసేయకుండా “జాకెట్టు లేదు” అని రాయాలి. తీసేస్తే, జాకెట్టు నిజంగా లేదో, రాయడం మరిచారో చదివేవాళ్లకు అర్థం కాదు. కౌంటు కూడా అలంకారానికి రాసేది కాదు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో అదే కౌంటు, అంకె పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. ఎండాకాలానికి పల్చటి చీర వెతికే మనిషికి ఫోటోలో అది కనబడదు, ఈ అంకెలోనే కనబడుతుంది.

ఇక రంగు. సలహాలో అన్నిటికన్నా చేటు చేసేది ఈ ముక్కే. మన భాషలో రంగుల పేర్లకు కొదవ లేదు: రాణి, ఉల్లిపొర, వంగపండు, మామిడిపండు, చిలకాకుపచ్చ, కనకాంబరం. వాడండి, ఎవరూ వద్దనరు. కానీ ఒకే రంగును సోమవారం “ఉల్లిపొర” అని, బుధవారం “బేబీ పింక్” అని, శుక్రవారం “సంధ్యారాగం” అని పిలిస్తే, ఉల్లిపొర అని వెతికినవాళ్లకు మూడింటిలో ఒక్కటే దొరుకుతుంది. మిగతా రెండూ మీ దగ్గర ఉన్నా లేనట్టే. అందుకే షాపుకో రంగుల జాబితా ఉండాలి. ఇరవై ముప్ఫై పేర్లు చాలు. ఒక్కో పేరు పక్కన నిజమైన బట్టముక్క ఒకటి కుట్టి పెట్టుకుంటే, ఇవాళ మీరు రాసినా రేపు మీ తమ్ముడు రాసినా ఒకే పేరు పడుతుంది. సంధ్యారాగం మీద మోజుంటే సంగతి వరుసలో వేసుకోండి.

మంగళగిరి చీరకు ఇంకో మెలిక ఉంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు అయితే చీర కదిలినప్పుడల్లా ఛాయ మారుతుంది. కెమెరా ఒక్క కోణాన్నే పట్టుకుంటుంది. నీలం ఎక్కువ కనబడే కోణంలో ఫోటో తీసి “నీలం” అని రాస్తే, అందుకున్నావిడకు కిటికీ దగ్గర అది ఆకుపచ్చగా కనబడుతుంది. రంగు తప్పు పంపారంటుంది, ఆవిడ కోపంలో న్యాయముంది. అందుకే పైన రంగు వరుసలో మూడు మాటలున్నాయి: పడుగు, పేక, దూరానికి కనబడే రంగు. ఈ మూడూ రాసి, ఒక ఫోటో పగటి వెలుతురులో మడత వేసి తీస్తే “రంగు వేరే వచ్చింది” అనే మాట చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోదు, ఎందుకంటే ఫోన్ తెరలు అన్నీ ఒకేలా చూపించవు.

ఆ సలహా పుట్టడానికి ఒక కారణం ఉందని ఒప్పుకోవాలి. చాలామంది మూస అని పిలుస్తున్నది నిజానికి పాత పోస్టును కాపీ కొట్టి రంగు మార్చడం. అలా చేస్తే పాత చీరలోని “జాకెట్టు ఉంది” కొత్త చీరలోకి చడీచప్పుడు లేకుండా వచ్చేస్తుంది. దీన్ని ఆపాలంటే వివరణను చేత్తో రాయకుండా షీట్‌లో గడులు నింపి ఫార్ములాతో తయారు చేసుకోవాలి. వరుసకో చీర, నిలువు గడికో వివరం. ఒక్క వార్పు మీద దిగిన చీరలకు నూలు, పడుగు రంగు, అంచు ఒకసారి రాసి కిందికి లాగేయొచ్చు. పేక రంగు, జాకెట్టు, సంగతి మాత్రం ప్రతి వరుసలోనూ ఖాళీగా మొదలవ్వాలి. ఖాళీ మిగిలితే అది కనబడేలా ఫార్ములా ఇలా రాయండి, ఇక్కడ F గడిలో జాకెట్టు పొడవుంది:

```
="జాకెట్టు: "&IF(F2="","[నింపాలి]",IF(F2=0,"లేదు",F2&" మీటరు"))
```

గడి నింపకపోతే “[నింపాలి]” అని వస్తుంది, సున్నా వేస్తే “లేదు” అని వస్తుంది. పోస్టు చేసేముందు ఆ పదం కోసం షీటంతా వెతికితే సరిపోతుంది. మిగతా గడులకూ ఇదే పద్ధతి.

ఈ మూస మంగళగిరి కాటన్‌కు మాత్రమే. ఇదే గడుల్లో గద్వాల చీరను కుక్కితే చిక్కుల్లో పడతారు. అక్కడ ఒళ్లు నూలు, అంచూ పల్లూ పట్టు కావచ్చు కాబట్టి “నూలు” అనే ఒక్క గడి చాలదు. ఒంటికి, అంచుకు, పల్లూకు మూడు వేరువేరు గడులు కావాలి, అంచును ఒంటికి ఎలా కలిపారో చెప్పడానికి ఇంకోటి కావాలి. ఉతికే పద్ధతి కూడా పట్టును బట్టే రాయాలి. కాబట్టి గద్వాలకు వేరే షీట్ తెరవండి, రంగుల జాబితా మాత్రం రెంటికీ ఒకటే ఉంచండి.